36 శాతం అన్న పాంప్లెట్, వెయ్యిలో 11 అన్న నేను

ముందే చెప్పేస్తున్నా, ఇది నేను సగం సరిగ్గా, సగం తప్పుగా చేసిన కేసు. నాది కోనసీమలో అంబాజీపేటకి దగ్గర్లో చిన్న క్లినిక్, రోజూ వచ్చేవాళ్ళలో సగం మందికి పైగా బీపీ షుగరే. పేషెంట్ వివరాలు గుర్తు పట్టకుండా కొంచెం మార్చాను, స్టడీల అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నా.

వచ్చినాయన కొబ్బరి వ్యాపారి, 58 ఏళ్ళు. నేను బాబాయ్ గారూ అని పిలుస్తా, ఇక్కడా అలాగే అంటాను. బీపీ ఆరేళ్ళ నుంచి ఉంది, ఒక టాబ్లెట్ వేసుకుంటారు, అది కూడా దింపులు జోరుగా ఉన్న రోజుల్లో మర్చిపోతారు. షుగర్ లేదు, గుండెనొప్పి ఎప్పుడూ రాలేదు, సిగరెట్లు రోజుకి పది దాకా. చేతిలో ఒక పాంప్లెట్ పట్టుకొచ్చారు, అంతకు ముందు ఆదివారం ఏదో హెల్త్ క్యాంప్‌లో ఇచ్చారట. అందులో అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు అనే కొలెస్ట్రాల్ టాబ్లెట్ గురించి, ఎర్ర అక్షరాల్లో, గుండెపోటు ముప్పు 36% తగ్గుతుంది, బీపీ ఉన్న పది వేల మంది మీద స్టడీలో తేలింది అని ఉంది. కింద ప్రాణాలు కాపాడుతుంది అని ఇంకో లైను, అంతే, ఎంతమందికి వచ్చింది ఎన్నేళ్ళలో వచ్చింది అన్నది అసలే లేదు.

"డాక్టరు గారండి, అంటే ఈ బిళ్ళ వేసుకుంటే వంద మందిలో ముప్పై ఆరుగురు బతికిపోతారన్న మాటేగా అండి" అన్నారు.

ఇది ఆయన ఒక్కరి తప్పు కాదు, ఆ వాక్యం చదివితే ఎవరికైనా అలాగే అర్థం అవుతుంది, నిజం చెప్పాలంటే హౌస్ సర్జన్సీ చేసే రోజుల్లో నాకూ అలాగే అర్థమయ్యేది. మన తెలుగులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది, "36 శాతం తగ్గింది" అన్నా "ఒక శాతం తగ్గింది" అన్నా వాక్యం ఒకేలా ఉంటుంది, రెండూ ఒకే స్టడీ గురించి అయి ఉండొచ్చు, రెండూ నిజమే అయి ఉండొచ్చు. అందుకని ఇలాంటిది ఏది కనపడినా నేను మొదట అడిగేది ఒక్కటే, దేనిలో 36 శాతం? వంద మంది మనుషుల్లోనా, లేక మందు లేకపోతే జబ్బు వచ్చే ఆ కొద్దిమందిలోనా?

ఆ స్టడీ ఏంటో పట్టుకోవడం కష్టం కాలేదు. అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు, బీపీ ఉన్నవాళ్ళు, పది వేల మంది, 36% అంటే అది 2003లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆస్కాట్ ట్రయల్‌లో కొలెస్ట్రాల్ భాగమే. మెడికల్ పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో `ASCOT-LLA` అని కొడితే సారాంశం ఫ్రీగా వస్తుంది, మొత్తం పేపర్ అక్కర్లేదు. సారాంశంలో వెతకాల్సింది నాలుగు అంకెలు, అంతే. మందు వేసుకున్న గుంపులో ఎంతమంది, వాళ్ళలో ఎంతమందికి వచ్చింది, మందు లేని ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్న గుంపులో ఎంతమంది, వాళ్ళలో ఎంతమందికి వచ్చింది. ఈ నాలుగూ లేకుండా శాతం ఒక్కటే ఇచ్చిన ఏ కాగితమైనా నేను పక్కన పడేస్తా.

ఇక్కడ నాలుగూ ఉన్నాయి. మందు గుంపు 5168 మంది, వాళ్ళలో ప్రాణం తీయని గుండెపోటు గానీ గుండెజబ్బుతో చావు గానీ జరిగింది 100 మందికి. ఉత్తుత్తి బిళ్ళ గుంపు 5137 మంది, అక్కడ 154. సగటున 3.3 ఏళ్ళు చూశారు. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి ఆయన ముందే కొట్టాను.

```
154 / 5137 = 0.02998
100 / 5168 = 0.01935
0.02998 - 0.01935 = 0.01063
0.01063 / 0.02998 = 0.35
1 / 0.01063 = 94
```

మూడో లైను అసలు తేడా, అంటే మనుషుల లెక్కలో తేడా, దాన్నే అబ్సల్యూట్ రిస్క్ రిడక్షన్ అంటారు. నాలుగో లైనులో ఆ తేడానే మందు లేనివాళ్ళ ముప్పుతో భాగించాం, అది రిలేటివ్ రిస్క్ రిడక్షన్, పాంప్లెట్ వేసుకుంది దీన్నే. మనకి 35 వచ్చింది వాళ్ళది 36 కదా అని అడిగేవాళ్ళుంటారు, వాళ్ళు హజార్డ్ రేషియో వాడారు, అంటే ఎంతమందికి వచ్చింది అన్నదే కాక ఎప్పుడు వచ్చింది అన్నది కూడా కలిపిన లెక్క, అది 0.64, అంటే 36 శాతం తగ్గుదల, అందుకే ఆ చిన్న తేడా, అందులో మోసం ఏమీ లేదు. చివరి లైను, ఒక్కరికి గుండెపోటు తప్పించాలంటే 94 మంది మూడేళ్ళ పైన రోజూ బిళ్ళ వేసుకోవాలి అని.

ఈ లెక్కంతా చెప్పాక బాబాయ్ గారి మొహంలో ఏమీ కదల్లేదు. 0.01063 అంటే ఆయనకేం పట్టింది. అప్పుడు తట్టింది, ఈయన జీవితమంతా వెయ్యి కాయల లెక్కేగా, అంబాజీపేటలో కొబ్బరి రేటు ఎవరు చెప్పినా వెయ్యికి ఇంత అనే చెప్తారు. అందుకని కురిడీ లెక్కలోకి దిగాను.

"బాబాయ్ గారూ, మీరు అటక మీద కురిడీకి వెయ్యి కాయలు పెట్టారు. తీసే సమయానికి ముప్పై కాయలు కుళ్ళాయి. ఎవడో వచ్చి ఏదో మందు చల్లండి అన్నాడు, చల్లాక ఇంకో వెయ్యిలో పంతొమ్మిదే కుళ్ళాయి. ఎన్ని కాయలు మిగిలినట్టు?"

"పదకొండండి."

"ఆ మందు అమ్మేవాడు ఏం చెప్పి అమ్ముతాడు? వెయ్యికి పదకొండు కాయలు మిగులుతాయి అంటాడా, కుళ్ళు మూడో వంతు పైన తగ్గిపోద్ది అంటాడా?"

నవ్వారు. "మూడో వంతనే అంటాడండి, నేనైనా అలాగే అంటాను." తర్వాత ఒక్క క్షణం ఆగి, "అయితే ఆ తొమ్మిది వందల డెబ్భై కాయలకి మందు చల్లడం దండగేనన్న మాట" అన్నారు, నేను చెప్పకుండానే అక్కడికి వచ్చేశారు. అవును, 970 మందికి ఆ మూడేళ్ళలో మందు లేకపోయినా ఏమీ అయ్యేది కాదు. 19 మందికి మందు వేసుకున్నా వచ్చింది. మధ్యలో ఆ 11 మందికే మందు పనికొచ్చింది, కాకపోతే ఆ పదకొండుగురు ఎవరన్నది ముందు ఎవరికీ తెలీదు, అదే చిక్కు.

అన్నట్టు ఈ మందుకి అమెరికా పేపర్లలో వచ్చిన యాడ్స్‌లో కూడా 36% పెద్దగా వేసి, కింద చిన్న అక్షరాల్లో, ఉత్తుత్తి బిళ్ళ వాళ్ళలో 3%, మందు వాళ్ళలో 2% మందికి గుండెపోటు వచ్చింది అని రాసేవాళ్ళు. కనీసం ఆ చిన్న అక్షరాలైనా ఉండేవి, మన క్యాంప్ పాంప్లెట్లో అదీ లేదు.

ఇక్కడ దాకా బానే ఉంది. కానీ 11 అన్న అంకెని కూడా నేను అంత నమ్మకంగా చెప్పకూడదు, ఎందుకో కొంచెం చెప్తా. హజార్డ్ రేషియో 0.64 అన్న దాని పక్కనే 0.50 నుంచి 0.83 అని ఒక రేంజ్ ఉంటుంది, అంటే నిజమైన తగ్గుదల 17% అయినా ఈ డేటాకి పొసుగుతుంది, 50% అయినా పొసుగుతుంది. వెయ్యి కాయల లెక్కలో చూస్తే మిగిలేవి 5 కావచ్చు 15 కావచ్చు. ఇంకోటి, ఈ ట్రయల్ ఐదేళ్ళు నడపాలని మొదలుపెట్టి, మందు పనిచేస్తోందని స్పష్టంగా కనపడేసరికి 3.3 ఏళ్ళకే ఆపేశారు. బాగా కనిపించినప్పుడు ఆపేస్తే ఆ బాగు కాస్త ఎక్కువగా కనపడే అవకాశం ఉంటుంది, మ్యాచ్‌లో మనవాడు సిక్స్ కొట్టిన బంతి దగ్గర ఆపేసి రన్ రేట్ చెప్పినట్టు. ఇంకో వైపు ఏంటంటే ఏళ్ళు పెరిగే కొద్దీ గుండెపోట్లు పెరుగుతాయి కాబట్టి, మందు అలాగే పనిచేస్తూ ఉంటే పదేళ్ళకి మిగిలే కాయలు పదకొండు కంటే ఎక్కువే ఉంటాయి. అందుకే "ఆ ఏముంది ఒక్క శాతమే" అని కొట్టిపారేసే వాట్సాప్ మేధావి కూడా పాంప్లెట్ వాడి లాంటివాడే, ఎన్నేళ్ళలో ఒక్క శాతం అన్నది మింగేస్తాడు.

పాంప్లెట్లో రెండో లైను ప్రాణాలు కాపాడుతుంది అని. ఇదే ట్రయల్‌లో ఏ కారణంతోనైనా చనిపోయినవాళ్ళు మందు గుంపులో 185, అటు 212. వెయ్యికి 36, 41. తేడా ఉన్నట్టే కనపడుతోంది గానీ దాని రేంజ్ 0.71 నుంచి 1.06, అంటే ఒకటి దాటేసింది, తేడా లేకపోవడానికి కూడా చోటుంది. కాబట్టి ఈ స్టడీ పేరు మీద ఆ లైను రాయకూడదు. గుండెపోటు మీద వచ్చిన శాతాన్ని చావు పక్కన రాస్తే చదివేవాడు రెండూ కలిపేసుకుంటాడు, ఇది నేను చాలా సార్లు చూశాను.

సరే, ఈ 30 అన్న మొదటి అంకె బాబాయ్ గారిదేనా? ఇదే అసలు ప్రశ్న, ఎందుకంటే మిగిలే కాయల లెక్కంతా ఆ ముప్పై మీదే ఆధారపడి ఉంది. ఆ ట్రయల్‌లోకి తీసుకుంది 40 నుంచి 79 ఏళ్ళ వాళ్ళని, బీపీతో పాటు ఇంకో మూడు రిస్కులైనా ఉండాలి. మగవాడు, 55 దాటాడు, సిగరెట్ తాగుతాడు, మూడూ ఈయనకున్నాయి, కాగితం మీద ఈయన ఆ ట్రయల్ మనిషే. కానీ ఆ ట్రయల్ జరిగింది యూకే, ఐర్లండ్, నార్డిక్ దేశాల్లో, దాదాపు అందరూ తెల్లవాళ్ళే. మన వైపు గుండెపోట్లు ఇంకా చిన్న వయసులో వస్తాయని డ్యూటీలు చేసిన ఎవరికైనా తెలుసు. ఇలాంటప్పుడు సాధారణంగా చేసేది, శాతం తగ్గుదలని ట్రయల్ నుంచి తీసుకోవడం, మొదటి అంకెని మాత్రం మన మనిషి నుంచి తీసుకోవడం. మందు పనితనం దేశం మారితే అంతగా మారదు, ముప్పు మాత్రం ఊరు మారితే, ఇల్లు మారితే, ఒక్కోసారి అదే ఇంట్లో మనిషి మారితే మారిపోతుంది.

దానికి నేను వాడేది డబ్ల్యూహెచ్ఓ 2019లో ఇచ్చిన రిస్క్ చార్టులు, దక్షిణాసియాకి విడిగా ఉంటుంది. వయసు, మగా ఆడా, సిగరెట్, పై బీపీ, కొలెస్ట్రాల్, షుగర్ చూసి గడి పట్టుకోవడమే. ఈయన 10 నుంచి 20 శాతం మధ్య గడిలో పడ్డారు, చేతి లెక్క కోసం 15 అనుకుందాం. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, నేనూ ఒకసారి తొందరలో పొరపాటు చేశాను. ఈ 15 శాతం పదేళ్ళకి, 3.3 ఏళ్ళకి కాదు, పైగా ఇందులో గుండెపోటుతో పాటు పక్షవాతం కూడా కలిసి ఉంది. దీన్ని పట్టుకెళ్ళి గుండెపోటు ఒక్కదాని 36 శాతంతో గుణిస్తే లెక్క ఉబ్బుతుంది. ఈ రకం మందుల ట్రయల్స్ అన్నీ కలిపి చూసిన పెద్ద లెక్కల్లో, ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ 39 మిల్లీగ్రాములు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద దెబ్బలు అన్నీ కలిపి ఐదో వంతు పైచిలుకు తగ్గుతున్నాయి, ఇక్కడ వాడాల్సింది అది. అంటే వెయ్యిమంది బాబాయ్ గార్లుంటే పదేళ్ళలో 150 మందికి రావాల్సింది సుమారు 120కి దిగుతుంది. ముప్పై కాయలు మిగులు.

ఆయన దీన్ని నా కంటే బాగా తూచారు. "వెయ్యికి పదకొండు అంటే మీకు చిన్న లెక్కలా కనపడుద్దేమో గానండి, మాకు లోడుకి అదే లాభం, అదే నష్టం. ముప్పై అంటే మరీనండి" అన్నారు. నేను మాత్రం సిగరెట్ మానితే ఆ చార్టులో గడే మారిపోతుందని చూపించి, బీపీ బిళ్ళ రోజూ వేసుకోమని చెప్పి, కొలెస్ట్రాల్ బిళ్ళ రాయనా వద్దా మీరే చెప్పండి అన్నా. రాయమన్నారు.

వెంట వచ్చిన పిన్ని గారు అప్పటి దాకా మాట్లాడలేదు, అప్పుడు ఫోన్ తీసి ఒక మెసేజ్ చూపించారు, ఈ బిళ్ళలతో షుగర్ 9 శాతం పెరుగుతుంది అని. ఇదీ గాల్లోంచి వచ్చిందేమీ కాదు, 2010లో లాన్సెట్‌లోనే వచ్చింది, 13 ట్రయల్స్, 91 వేల మంది. కానీ ఆ 9 కూడా పాంప్లెట్ 36 లాంటిదే, షుగర్ వచ్చే కొద్దిమందిలో తొమ్మిది శాతం. అదే పేపర్లో మనుషుల లెక్కా ఇచ్చారు, 255 మంది నాలుగేళ్ళు వాడితే ఒక్కరికి అదనంగా షుగర్ వస్తుంది. అంటే వెయ్యికి నలుగురు. పిన్ని గారికి అది చెప్తే, "మరి ఆ మాట రాయొచ్చుగా" అన్నారు. లాభం శాతాల్లో చెప్పి నష్టం మనుషుల్లో చెప్తే మందు అమ్మేవాళ్ళ కాగితం, నష్టం శాతాల్లో చెప్పి లాభం మనుషుల్లో చెప్తే మందంటే పడనివాళ్ళ మెసేజ్, రెండూ ఒకే కొలతలో పెడితే గానీ తూకానికి రావు. నేను మందులు రాసిన చీటీ వెనక అలాగే రెండు లైన్లు రాసిచ్చాను: మూడేళ్ళ పైన, వెయ్యిలో 11 మందికి గుండెపోటు తప్పుతుంది. నాలుగేళ్ళలో, వెయ్యిలో 4గురికి షుగర్ కొత్తగా వస్తుంది.

ఆ చీటీయే కొంప ముంచింది.

రెండు నెలలకి బాబాయ్ గారు బీపీ చూపించుకోవడానికి వచ్చారు, వెంట వాళ్ళ బామ్మర్దిని, హైదరాబాద్ నుంచి సెలవులకొచ్చిన కొడుకుని తెచ్చారు. అబ్బాయికి 31, బీపీ లేదు, సిగరెట్ లేదు, కొలెస్ట్రాల్ కొద్దిగా ఎక్కువ. నాన్నకి రాశారు కదండి నాకూ రాయండి, 36 శాతం కదా అన్నాడు. ఇది తేలిక. వాడి వయసులో, వాడి స్థితిలో మూడేళ్ళ ముప్పు వెయ్యికి ఒకటి అనుకుందాం, ఊరికే లెక్క కోసం. దానిలో 36 శాతం తగ్గిస్తే పది వేల మందిలో ముగ్గురు నలుగురికి లాభం, అంటే ఒక్కడి కోసం 2800 మంది దాకా మూడేళ్ళు మింగాలి, షుగర్ లాంటి నష్టాలు మాత్రం ఎంతో కొంత ఉంటూనే ఉంటాయి. వద్దన్నా. నాన్న కురిడీ కొట్టు ఒక మూల కారుతోంది, నీ కొట్టు పొడిగా ఉంది, రెండింటికీ ఒకే మందు చల్లుతావేంట్రా అంటే వాడికి అర్థమైంది.

బామ్మర్ది గారి సంగతే వేరు. 54 ఏళ్ళు, రెండేళ్ళ కిందట గుండెపోటు వచ్చి యానాం బ్రిడ్జి దాటించి కాకినాడ తీసుకెళ్ళారు, స్టెంట్ పడింది. ఆయన ఈ కొలెస్ట్రాల్ బిళ్ళ ఆపేసి అప్పటికి ఆరు వారాలైంది. ఎందుకండి అంటే, జేబులోంచి ఫోన్ తీసి నా చీటీ ఫోటోనే చూపించారు. "మీరే రాశారుగా డాక్టరు గారూ, వెయ్యిలో పదకొండుగురికేనని. ఆ మాత్రానికి కాళ్ళు నొప్పులు పడుతూ ఎందుకండి ఇది."

ఏం మాట్లాడాలో తోచలేదు. రిలేటివ్ శాతం ఒక్కటే చెప్తే మోసం అని ఇంతసేపు వాయించిన నేను, అబ్సల్యూట్ లెక్కని మొదటి అంకె లేకుండా, ఎవరికో ఏమిటో లేకుండా రాసిచ్చాను. నిజానికి ఈ విషయంలో పాంప్లెట్ 36 శాతమే కొంచెం నయం, అది ఈయన దగ్గరికి వెళ్ళినా దాదాపు సరిపోయేది. నా 11 ఒక మనిషి ముప్పు మీద కట్టిన అంకె, అది ఇంకో మనిషి దగ్గరికి వెళ్తే పూర్తిగా తప్పు.

ఈయన లాంటి వాళ్ళ లెక్క 4ఎస్ అన్న ట్రయల్‌లో ఉంది, 1994, నార్డిక్ దేశాలు, 4444 మంది, అందరికీ అంతకు ముందే గుండెపోటు గానీ గుండెనొప్పి గానీ ఉంది. మందు సింవాస్టాటిన్, అదే కుటుంబంలోది. సగటున 5.4 ఏళ్ళు. ఉత్తుత్తి బిళ్ళ గుంపు 2223 మందిలో 622 మందికి పెద్ద గుండె ఘటన జరిగింది, మందు గుంపు 2221 మందిలో 431 మందికి. వెయ్యి కాయల్లో చెప్తే 280 కుళ్ళేవి 194కి దిగాయి, 86 మిగిలాయి. పేపర్లో ఇచ్చిన శాతం తగ్గుదల 34. బాబాయ్ గారి ట్రయల్‌లో 36, ఇక్కడ 34, పాంప్లెట్ వేస్తే రెండూ ఒకేలా ఉంటాయి, ఇదే కాస్త తక్కువగా కూడా కనపడుతుంది. మనుషుల్లో చూస్తే 11 ఎక్కడ, 86 ఎక్కడ. ఏళ్ళు వేరు కదా అని ఏడాదికి విడగొట్టి చూసినా అక్కడ వెయ్యికి మూడు, ఇక్కడ పదహారు. పైగా ఇక్కడ చావుల్లో కూడా తేడా తేటగా ఉంది, 256 నుంచి 182కి, ముప్పై మంది ఐదేళ్ళ పైన వాడితే ఒక ప్రాణం.

ఈ అంకెలు ఈయనకి అచ్చంగా అంటించలేను, అదీ చెప్పాను. 1994 నాటికి ఇప్పటిలా స్టెంట్లు, ఇన్ని రకాల మందులు అందరికీ లేవు, ఇప్పుడు మొదటి అంకె 280 ఉండదు, తక్కువే ఉంటుంది, మిగిలే కాయలూ ఆ మేరకి తగ్గుతాయి. కానీ సగానికి సగం తగ్గించి చూసినా వెయ్యికి నలభై పైనే. కారుతున్న కొట్టు కాదిది, ఒకసారి వరద నీళ్ళు వచ్చి పోయిన కొట్టు.

ఇదంతా విని ఆయన, "మరి ఆ చీటీ మీద మా బావ పేరు ఎందుకు రాయలేదండి" అన్నారు, కోపంగా కూడా కాదు, మామూలుగానే అడిగారు. జవాబు లేదు నా దగ్గర. కాళ్ళ నొప్పులకి, కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీపీకే టెస్ట్ రాశాను, నార్మల్ వచ్చింది, డోసు విషయం కాకినాడలో చూసిన డాక్టరు గారితో ఫోన్‌లో మాట్లాడి బిళ్ళ మార్చి మళ్ళీ మొదలుపెట్టించాం.

అప్పటి నుంచి నా చీటీ వెనక ఒక్క తేడా అంకె రాయడం మానేశా. పైన మనిషి పేరు, కింద "ఇంతకు ముందు గుండెపోటు రాని, బీపీ ఉన్న, సిగరెట్ తాగే 58 ఏళ్ళ మగమనిషికి" అని ఒక లైను, దాని కింద మందు లేకుండా వెయ్యిలో ఎంతమంది, మందుతో ఎంతమంది, ఎన్నేళ్ళలో, ఏ జబ్బు. ఐదు లైన్లవుతుంది, ఓపీలో జనం ఉన్న రోజు కాంపౌండర్ నా వైపు చూస్తూ నిలబడతాడు. బాబాయ్ గారికి కూడా పాత చీటీ తీసేసుకుని కొత్తది రాసిచ్చా. ఆయన దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుంటూ, సిగరెట్ మానితే ఈ మొదటి అంకె ఎంతవుద్దో అది కూడా పక్కన రాయండి అన్నారు. చార్ట్ మళ్ళీ తీశాను.